ఆఫర్ లెటర్‌లో పన్నెండు, పేస్లిప్పులో పంతొమ్మిదిన్నర: పేరోల్‌కు నేను రాసిన ఉత్తరం

2023 జూన్ 1న నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్‌లో చేరాను. ముత్తుకూరు, తోటపల్లి గూడూరు వైపు చెరువుల నుంచి వచ్చే వనామి సరుకుకు కౌంట్ తీయడం, మెత్తబడిన రొయ్య ఎంతుందో రాయడం, పీలింగ్ షెడ్డులో ఐసు సరిపోతోందో లేదో చూడటం నా పని. చేరకముందే ఆఫర్ లెటర్ ముందర పెట్టుకుని, చేతికి ఎంత వస్తుందో మా ఆయనా నేనూ లెక్క వేసుకున్నాం. పిల్లవాణ్ని ట్యూషన్‌కు పంపాలంటే నెలకు 700 కావాలి. అది ఈ జీతంలో ఇముడుతుందా అన్నదే మా చర్చంతా.

లెటర్‌లో జీతం ఇలా ఉంది: బేసిక్ 10,000, స్పెషల్ అలవెన్సు 5,000, ఇంటద్దె అలవెన్సు 5,500, మొత్తం గ్రాస్ 20,500. కింద కటింగులు రాశారు. పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, ఈఎస్‌ఐ గ్రాస్‌లో 0.75 శాతం, వృత్తి పన్ను నిబంధనల ప్రకారం. మేం వేసుకున్న లెక్కలో పీఎఫ్ 1,200, ఈఎస్‌ఐ 154, వృత్తి పన్ను 200 పోగా 18,946 చేతికి రావాలి.

జూలై మొదటి వారంలో బ్యాంకు మెసేజ్ వచ్చింది. పడింది 18,196. సరిగ్గా 750 తక్కువ. ట్యూషన్ డబ్బులు, పైన ఇంకో యాభై.

పేస్లిప్పు తెరిస్తే తేడా ఎక్కడుందో వెంటనే తెలిసిపోయింది. ఈఎస్‌ఐ 154 సరిపోయింది. వృత్తి పన్ను 200 సరిపోయింది. పీఎఫ్ దగ్గర మాత్రం 1,950 ఉంది. పది వేల బేసిక్ మీద 1,950 అంటే పంతొమ్మిదిన్నర శాతం. లెటర్‌లో పన్నెండు అని అచ్చు వేసి సంతకం పెట్టిన వాళ్లు పంతొమ్మిదిన్నర ఎట్లా కోస్తారని నాకు కోపం వచ్చింది. ఆ రోజే హెచ్‌ఆర్ గది కిటికీ దగ్గర నిలబడి అడిగాను. అక్కడున్న అబ్బాయి స్క్రీన్ చూసి, "అందరికీ అంతే పోతోంది మేడం, సిస్టమ్ వేస్తుంది, మేం వెయ్యం" అన్నాడు. సిస్టమ్‌లో ఎవరు పెట్టారని అడిగితే పేరోల్ వేరే ఊళ్లో ఉంటుందన్నాడు. నాలుగు నెలలు ఆ జవాబుతోనే సరిపెట్టుకున్నాను. సీజన్‌లో లారీలు రాత్రి పదకొండింటికి వస్తుంటే పేస్లిప్పు గురించి ఆలోచించే తీరిక కూడా ఉండదు.

నవంబరులో మా చిన్నాన్న ఒంగోలు నుంచి వచ్చాడు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా అకౌంట్స్ చూసినాయన. మాటల్లో ఈ సంగతి వస్తే పేస్లిప్పు తెమ్మన్నాడు. అప్పటికే నేను ఫోన్‌లో ఒక ఉత్తరం రాసి పెట్టుకుని ఉన్నాను, పంపలేదు. అందులో "ఆఫర్ లెటర్‌ను ఉల్లంఘించి నా జీతం నుంచి అక్రమంగా ఏడున్నర శాతం ఎక్కువ కోస్తున్నారు" అని ఉంది. అది చదివి ఆయన, "అట్టా రాయమాక అమ్మాయ్" అన్నాడు. "ఏం, నిజం కాదా చిన్నాన్నా?"

"సగం నిజం అయ్యుండొచ్చు. నువ్వు శాతం గురించి కొట్లాడుతున్నావు. శాతం అనేది దేని మీదన్నది తేలకుండా నువ్వు పంతొమ్మిదిన్నర అంటావు, వాళ్లు పన్నెండే అంటారు, ఇద్దరి మాటా చెల్లుతుంది. ముందు ఆ 1,950ని 15,000తో భాగించు."

భాగించాను.

```
1,950 ÷ 10,000 = 19.5%
1,950 ÷ 15,000 = 13%
```

పదిహేను వేలు ఎందుకంటే, బేసిక్ పదీ స్పెషల్ అలవెన్సు ఐదూ కలిపితే అంతే. పీఎఫ్ చట్టంలో జీతం అంటే ఒట్టి బేసిక్ కాదని ఆయన వివరంగా చెప్పాడు. అప్పటికి అమల్లో ఉన్న చట్టం 1952 నాటిది. అందులో ఇంటద్దె, ఓవర్‌టైమ్, బోనస్, కమిషన్ లాంటివి బేసిక్ వేజెస్ లెక్కలోకి రావని ఉంది. దాన్ని పట్టుకుని చాలా కంపెనీలు బేసిక్‌ను చిన్నది చేసి, మిగతాది స్పెషల్ అలవెన్సు అని పేరు మార్చి పీఎఫ్ తగ్గించుకునేవి. బేసిక్ తగ్గితే వాళ్లు కట్టాల్సిన వాటా కూడా తగ్గుతుంది మరి. 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు దీని మీద తీర్పు ఇచ్చింది. ఒక అలవెన్సు ఉద్యోగులందరికీ మామూలుగా ప్రతి నెలా వస్తున్నదైతే, దాని పేరు ఏదైనా సరే, అది బేసిక్‌లో భాగమే, దాని మీదా పీఎఫ్ కట్టాలి. ఎక్కువ పని చేసినందుకో, ప్రత్యేకంగా ఒకరికో ఇద్దరికో ఇచ్చేదో అయితే వేరే సంగతి. మా ప్లాంటులో స్పెషల్ అలవెన్సు గ్రేడింగ్ వాళ్లకు, స్టోర్స్ వాళ్లకు, మాకు అందరికీ ఉంది. రాని నెల లేదు.

అంటే 15,000 మీద 12 శాతం, 1,800 కోయడం చట్ట ప్రకారం సరైనదే. నా 750లో 600 అక్కడ తేలిపోయింది. పైగా నా దగ్గర 600 ఎక్కువ కోస్తే కంపెనీ కూడా తన వాటాగా 600 ఎక్కువ కట్టాలి. నా 600 నా ఖాతాలోనే ఉంటుంది, వాళ్లు కట్టేదాంట్లో కొంత నా ఖాతాకు, కొంత నా పెన్షన్‌కు పోతుంది. నేను రాసి పెట్టుకున్న ఉత్తరం పంపి ఉంటే, నాకు మేలు చేసే కటింగును ఆపమని నేనే గట్టిగా అడిగినట్టు అయ్యేది. ఆ రాత్రి దాన్ని ఫోన్‌లోంచి తీసేశాను.

అయితే నెలవారీ ఖర్చుల సంగతి అట్లానే ఉంది. 600 నా ఖాతాలో పడుతుందన్న మాట నిజమే కానీ, లెటర్ చూసి ఇంటి లెక్క వేసుకున్న మనిషికి ఆ నెలలో 600 లేవు. లెటర్‌లో "బేసిక్‌లో 12 శాతం" అని కాకుండా "పీఎఫ్ జీతంలో 12 శాతం" అని రాసి, ఆ పీఎఫ్ జీతం ఎంతో పక్కన వేసి ఉంటే మేం ముందే తెలుసుకునేవాళ్లం. ఇది నేను ఉత్తరంలో రాయాలనే అనుకున్నాను, రాశాను కూడా.

ఇక మిగిలింది 150. అదే అసలు సమస్య.

పదిహేను వేల మీద పదమూడు శాతం ఎక్కడి నుంచి వచ్చింది? ఉద్యోగి వాటా పన్నెండు. కొన్ని రకాల సంస్థల్లో పది. పదమూడు అనేది ఉద్యోగికి ఎక్కడా లేదు. చిన్నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అది యజమాని రేటమ్మా. వాళ్ల పన్నెండు, ఇన్సూరెన్సుకు అర, పీఎఫ్ ఆఫీసు ఖర్చులకు అర. మొత్తం పదమూడు. ఎవరో ఆ అంకె తెచ్చి నీ కాలమ్‌లో పెట్టారు."

ఆ రెండు అర శాతాల సంగతి చాలామంది ఉద్యోగులకు తెలియదు, నాకూ తెలియదు. ఒకటి ఈడీఎల్‌ఐ, అంటే సర్వీసులో ఉండగా ఉద్యోగి చనిపోతే కుటుంబానికి వచ్చే బీమా. దీనికి ఉద్యోగి ఒక్క పైసా కట్టక్కర్లేదు. రెండోది అడ్మిన్ ఛార్జీలు. 2018 జూన్ నుంచి అది 0.5 శాతం. రెండూ యజమాని కట్టాల్సినవే. ఆ 1952 చట్టంలో 12వ సెక్షన్ ఏమనేదంటే, పీఎఫ్‌కు గానీ బీమాకు గానీ తాను కట్టాల్సిన వాటా కోసం, ఈ చట్టం కింద తాను కట్టాల్సిన ఛార్జీల కోసం, యజమాని ఉద్యోగి జీతాన్ని నేరుగానైనా చాటుగానైనా తగ్గించకూడదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా ఆఫర్ లెటర్లలో సీటీసీ అని వేసి, అందులో యజమాని వాటా కూడా కలిపి చూపిస్తారు. అది గ్రాస్‌కు పైన చూపించిన ఖర్చు. గ్రాస్ ఇంత అని రాసి, ఆ గ్రాస్‌లోంచి యజమాని వాటా కోయడం వేరు. నాది రెండోది. 20,500 గ్రాస్ అని చెప్పి అందులోంచే కోశారు.

కానీ ఇది మా అనుమానమే తప్ప రుజువు కాదు. నా 1,950 మొత్తం నా ఖాతాలోనే పడుతుంటే? నేను అడగకుండానే వాళ్లు నా తరఫున ఎక్కువ జమ చేస్తుంటే? అది తేల్చేది పాస్‌బుక్ ఒక్కటే. నాకు పాత ఉద్యోగం నుంచి యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు ఉంది, కొత్త కంపెనీ దానికే కలిపింది. passbook.epfindia.gov.in లో యూఏఎన్, పాస్‌వర్డ్ కొట్టి, కొత్త మెంబర్ ఐడీ ఎంచుకున్నాను. సెప్టెంబరు జీతం వరుసలో పీఎఫ్ జీతం 15,000 అని ఉంది. ఉద్యోగి వాటా 1,800. యజమాని వాటా 550. పెన్షన్ 1,250. యజమాని 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది కాబట్టి 1,250, మిగిలిన 550 పీఎఫ్‌కు. కలిపితే యజమానిదీ 1,800. ఎక్కడా లోటు లేదు.

పేస్లిప్పులో నా దగ్గర కోసింది 1,950. నా పేరు మీద జమ అయింది 1,800. జూన్ నుంచి ప్రతి వరుసా చూశాను, ప్రతి నెలా అదే తేడా. ఆ నెలల్లో నాకు లాస్ ఆఫ్ పే ఒక్క రోజు కూడా లేదు, అందుకని అంకెలు అంత నునుపుగా వచ్చాయి. సెలవులు పడిన నెల అయితే బేసిక్, అలవెన్సు రెండూ రోజుల లెక్కన తగ్గుతాయి. అప్పుడు ఆఫర్ లెటర్ అంకెలతో పోలిస్తే శాతం తప్పుగా వస్తుంది. పూర్తి హాజరున్న నెల పేస్లిప్పు తీసుకోవాలి, లేదా ఆ నెల నిజంగా వచ్చిన బేసిక్‌తోనే భాగించాలి. పాస్‌బుక్‌లో వరుస కనిపించడానికి కూడా కొంత సమయం పడుతుంది. ఒక నెల పీఎఫ్ కట్టడానికి కంపెనీకి తర్వాతి నెల 15 దాకా గడువు ఉంటుంది, అందుకే నేను అప్పుడే వచ్చిన అక్టోబరు పేస్లిప్పును కాకుండా సెప్టెంబరును పట్టుకున్నాను. పాస్‌బుక్ తెరుచుకోకపోతే పీఎఫ్‌లో నమోదైన నంబరు నుంచి `EPFOHO UAN TEL` అని 7738299899కు మెసేజ్ పంపితే చివరిగా జమ అయిన మొత్తం తెలుగులోనే వస్తుంది.

ఇంకొక్క పని మిగిలింది. 150 అనేది నాకు మాత్రమే పడిన విడి కటింగా, లేక రేటే తప్పా? మా సెక్షన్‌లో నాతోపాటే చేరిన, చెల్లెలి లాంటి అమ్మాయి ఒకతె ఉంది. తన బేసిక్ 9,000, స్పెషల్ అలవెన్సు 3,000. పేస్లిప్పు చూపించమంటే, "మనకెందుకక్కా, కొత్తగా చేరినోళ్లం" అని భయపడింది. తన పేరు ఎక్కడా రాయనని మాట ఇచ్చాక చూపించింది. పీఎఫ్ 1,560. పన్నెండు వేల మీద సరిగ్గా పదమూడు శాతం. ఇక సందేహం లేదు, రేటే తప్పు.

ఉత్తరం రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఏం రాయాలో తెలియక కాదు, ఏం తీసేయాలో తెలియక. చిన్నాన్న పట్టుబట్టింది ఒకటే: తప్పు ఇది అని నువ్వు చెప్పమాక, లెక్క చూపించమని అడుగు, నీ అంకెలు పక్కన పెట్టు. లెక్క చూపించబోతే వాళ్ల తప్పు వాళ్లకే కనబడుతుందన్నాడు. నేను 12వ సెక్షన్ కూడా రాయాలన్నాను. మొదటి ఉత్తరంలో వద్దన్నాడు. జవాబు రాకపోతే రెండో ఉత్తరంలో రాద్దువు, సెక్షన్ చూస్తే పేరోల్ వాళ్లు జవాబు ఇవ్వకుండా పైవాళ్లకు పంపేస్తారు, అక్కడ నెల రోజులు పడుంటుందని ఆయన అనుభవం. ఆ మాట విన్నాను. పేరోల్ మేడం తెలుగావిడే అని తెలిసి తెలుగులోనే రాశాను, 2023 నవంబరు 14న ఈమెయిల్ చేశాను. ఆఫర్ లెటర్ మూడో పేజీ, జూన్ నుంచి అక్టోబరు దాకా పేస్లిప్పులు, పాస్‌బుక్ కాపీ జత చేశాను. ఉద్యోగి నంబరు, పేరు తీసేసి ఆ ఉత్తరం ఇక్కడ ఇస్తున్నాను.

"విషయం: పీఎఫ్ కటింగు లెక్క వివరం కోరుతూ.

పేరోల్ విభాగం వారికి నమస్కారం. నేను 01-06-2023 నుంచి క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తున్నాను. నా ఆఫర్ లెటర్ మూడో పేజీలో పీఎఫ్ కటింగు బేసిక్‌లో 12 శాతం అని ఉంది. బేసిక్ 10,000 కాబట్టి అది 1,200 అవుతుంది. జూన్ నుంచి నా పేస్లిప్పుల్లో ప్రతి నెలా పీఎఫ్ కింద 1,950 కట్ అవుతోంది. ఈ నెలల్లో నాకు లాస్ ఆఫ్ పే లేదు.

దయచేసి మూడు సంగతులు తెలియజేయగలరు. ఒకటి, నా పీఎఫ్‌ను ఏ మొత్తం మీద లెక్కిస్తున్నారు, అందులో ఏ ఏ భాగాలు కలిశాయి. రెండు, ఆ మొత్తం మీద వేస్తున్న శాతం ఎంత. మూడు, 1,950లో నా పీఎఫ్ ఖాతాలో జమ అవుతున్నది ఎంత, మిగిలింది ఉంటే అది ఏ పద్దు కింద పోతోంది.

స్పెషల్ అలవెన్సును కూడా కలిపి 15,000 మీద 12 శాతం లెక్కిస్తే 1,800 అవుతుందని నాకు అర్థమైంది. దాని మీద నాకు అభ్యంతరం లేదు. అయితే అది ఆఫర్ లెటర్‌లో రాసిన దానికి వేరుగా ఉంది కనుక, సవరించిన వివరం రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను. పాస్‌బుక్‌లో సెప్టెంబరు నెలకు ఉద్యోగి వాటా 1,800 అని ఉంది. అదే నెల పేస్లిప్పులో 1,950 ఉంది. ఈ 150 తేడాకు కారణం తెలుపగలరు. పొరపాటు అయితే జూన్ నుంచి కట్ అయిన మొత్తాన్ని తిరిగి ఇప్పించగలరు. పది రోజుల్లోగా ఈమెయిల్‌లోనే జవాబు ఇవ్వగలరని ఆశిస్తున్నాను."

రెండు రోజులకు పేరోల్ నుంచి ఫోన్ వచ్చింది. మేడం మర్యాదగానే మాట్లాడింది. "మీకు స్పెషల్ అలవెన్సు మీద కూడా పీఎఫ్ వేస్తున్నామమ్మా, సుప్రీంకోర్టు ఆర్డరు ఉంది, అందుకే ఎక్కువ కనబడుతోంది" అంది. ఆమె చెప్పింది నిజం, కానీ అది మొదటి ప్రశ్నకే జవాబు. "అది నాకు అర్థమైంది మేడం, ఉత్తరంలో రాశాను కూడా. 1,800 ఒప్పుకుంటున్నాను. 150 గురించే అడుగుతున్నాను" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "మీ పాస్‌బుక్ ఇంకా అప్‌డేట్ అయ్యుండదు" అంది. సెప్టెంబరు వరుస పడి నెల దాటిందని, దానికి ముందు మూడు నెలలూ అంతేనని చెప్పాను. చూసి చెప్తానంది. ఈ మాటలే ఈమెయిల్‌లో పెట్టమని అడిగాను. ఫోన్‌లో ఒప్పుకున్నది తర్వాత ఎవరూ గుర్తుంచుకోరు, హెచ్‌ఆర్ కిటికీ దగ్గర నాకు దొరికిన జవాబు అలాంటిదే.

నవంబరు 22న రాతలో జవాబు వచ్చింది. ఏప్రిల్‌లో పేరోల్ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు, కొత్తగా చేరేవాళ్ల కోసం తయారు చేసిన జీతం నమూనాలో ఉద్యోగి పీఎఫ్ రేటు దగ్గర యజమాని మొత్తం రేటు 13 పడిందట. పీఎఫ్ ఆఫీసుకు పంపే రిటర్న్ వేరే షీట్ నుంచి తయారవుతుంది, అందులో 12 శాతమే ఉంది. అందుకే అక్కడ ఎవరికీ తేడా కనబడలేదు. పాత ఉద్యోగుల నమూనా వేరు కాబట్టి వాళ్లకు సరిగ్గానే పోతోంది. ఏప్రిల్ తర్వాత చేరిన వాళ్లందరికీ ఒక శాతం ఎక్కువ కట్ అయింది.

ఇది చదివినప్పుడు నాకు ఒక సంగతి బాగా తగిలింది. నేను ఉత్తరం రాయకుండా నేరుగా పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్‌కు వెళ్లి, పేస్లిప్పు జత చేయకుండా పీఎఫ్ ఎక్కువ కోస్తున్నారని ఫిర్యాదు పెట్టి ఉంటే, వాళ్ల దగ్గరున్న రిటర్న్ అంతా సరిగ్గానే కనబడేది. ఆ 150 అసలు వాళ్ల దాకా చేరనే లేదు. తప్పు బయటపడేది పేస్లిప్పునూ పాస్‌బుక్‌నూ పక్కపక్కన పెట్టినప్పుడే. కాబట్టి ఎవరికి రాసినా ఆ రెండు కాగితాలూ ఒకే నెలవి జత చేయాలి.

నవంబరు జీతానికి అప్పటికే లెక్క కట్టేశారు, ఆ నెల కూడా 1,950 పోయింది. డిసెంబరు పేస్లిప్పులో పీఎఫ్ 1,800 వచ్చింది. పైన రాబడి కాలమ్‌లో పీఎఫ్ రీఫండ్ 900 అని ఒక వరుస వచ్చింది, ఆరు నెలలకు 150 చొప్పున. చూసి సంతోషపడ్డాను. అయితే అలవాటు పడిన కన్ను కదా, కింద ఈఎస్‌ఐ 161 ఉండటం పట్టేసింది. రీఫండ్‌ను జీతంలో కలిపేసి 21,400 మీద 0.75 శాతం వేశారు. అది కొత్త జీతం కాదు, తప్పుగా కోసినది తిరిగి ఇవ్వడం, దాని మీద ఈఎస్‌ఐ రాకూడదు. ఏడు రూపాయలే. రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. నాలాంటి వాళ్లు అందరూ కలిసి ఎంతమందో తెలియదు, అందరికీ అదే తప్పు పడి ఉంటుంది కదా అని రెండు వాక్యాల్లో రాశాను. జనవరి పేస్లిప్పులో ఆ ఏడూ వెనక్కి వచ్చాయి.

ఆఫర్ లెటర్ సంగతి మాత్రం ఇంకొంచెం నడిచింది. నాకు సవరణ లెటర్ ఇవ్వడానికి హెచ్‌ఆర్ వాళ్లు ఇష్టపడలేదు. జీతం మారలేదు కదా, మళ్లీ లెటర్ ఎందుకన్నారు. బ్యాంకు లోనుకో మరో ఉద్యోగానికో ఈ కాగితం చూపించాల్సి వస్తే అంకెలు కలవవని చెప్పాను. ఫిబ్రవరిలో ఒక పేజీ అనుబంధం ఇచ్చారు. అందులో పీఎఫ్ జీతం 15,000, ఉద్యోగి వాటా 12 శాతం, 1,800 అని స్పష్టంగా ఉంది. ఇంటి దగ్గర పాత లెటర్‌కు పిన్ను చేసి పెట్టుకున్నాను.

చెల్లెలికి నెలకు 120 చొప్పున 720 వచ్చింది. తను ఎవరికీ ఉత్తరం రాయలేదు. నేను చెప్పకపోయినా ఆ నెల పేస్లిప్పు తానే తెరిచి, పాస్‌బుక్ ఎట్లా చూడాలక్కా అని భోజనాల గంటలో నా పక్కన కూర్చుంది. పాస్‌వర్డ్ పెట్టుకోవడానికి తన ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరుకు ఓటీపీ రావాలి. ఆ నంబరు వాళ్ల నాన్న ఫోన్‌ది, ఆయన ఇందుకూరుపేటలో చెరువు దగ్గర ఉన్నాడు. ఫోన్ చేసి ఓటీపీ చదివించుకునేసరికి గంట అయిపోయింది. మిగతాది మరుసటి రోజు చూశాం.